పార్శిల్ అందలేదన్న చార్జ్‌బ్యాక్‌కి వ్యాపారి జవాబు: బ్యాంకు ఏం చూస్తుంది, కేసు ఎక్కడ పోతుంది

క్లుప్తంగా: కస్టమర్ "సరుకు రాలేదు" అని తన కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే వ్యాపారి ఖాతాలోంచి డబ్బు ముందే వెనక్కి పోతుంది, దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు, తర్వాతే వాదన. ఆ వాదనలో "డెలివర్డ్" అన్న స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. కార్డు చెల్లింపు, ఆర్డర్, పార్శిల్, చిరునామా ఈ నాలుగూ ఒకదానికొకటి కాగితం మీద కలవాలి. చాలా కేసులు వ్యాపారిది తప్పయి కాదు, మధ్యలో ఒక లింకు తెగిపోయి పోతాయి.

మంగళగిరి చీరలో, గుంటూరు పచ్చళ్లో ఆన్‌లైన్లో అమ్మి అమెరికాలో ఉన్నవాళ్లకి పంపే చిన్న వ్యాపారులకి ఈ గొడవ కొత్త కాదు. కాకపోతే 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్లలోపు పార్శిళ్లకి ఇచ్చే సుంకం మినహాయింపు తీసేసింది. దానికి ముందే, ఆగస్టు 25 నుంచి, మన తపాలా శాఖ అమెరికాకి చాలా రకాల బుకింగులు ఆపేసి మళ్లీ అక్టోబర్ 15న మొదలుపెట్టింది. సుంకం ఎవరు కట్టాలో తేలక పార్శిల్ కస్టమ్స్‌లో ఆగిపోతే కస్టమర్‌కి టెన్షన్, కొన్నాళ్లు చూసి కార్డు బ్యాంకుకి ఫోన్ చేస్తాడు. అక్కడినుంచి వ్యాపారికి, వెబ్‌సైట్లో కార్డు చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే నుంచి ఒక మెయిల్ వస్తుంది, ఫలానా తేదీలోగా ఆధారాలు పెట్టండి అని. ఆ మెయిల్‌కి ఏం జవాబివ్వాలి అన్నదే ఇక్కడి విషయం.

జవాబు ఎవరు చదువుతారు

వ్యాపారి రాసేది కస్టమర్‌కి కాదు, కస్టమర్ బ్యాంకుకి నేరుగా కూడా కాదు. వ్యాపారి తన పేమెంట్ గేట్‌వేకి ఇస్తాడు, గేట్‌వే దాన్ని అక్వైరింగ్ బ్యాంకుకి, అంటే వ్యాపారి తరఫున కార్డు డబ్బు వసూలు చేసిన బ్యాంకుకి పంపుతుంది, ఆ బ్యాంకు వీసా లేదా మాస్టర్‌కార్డ్ వ్యవస్థలో అప్‌లోడ్ చేస్తుంది, అక్కడినుంచి కార్డు ఇచ్చిన బ్యాంకులో ఒక ఉద్యోగి దాన్ని తెరుస్తాడు. ఆ ఉద్యోగి వ్యాపారికి ఫోన్ చేసి "ఇదేంటండీ?" అని అడగడు. కొరియర్ వెబ్‌సైట్ లింకు పెడితే నొక్కి చూస్తాడన్న నమ్మకం లేదు. పీడీఎఫ్‌లో కనిపించిందే ఆధారం, కనిపించనిది లేనట్టే.

గడువు కూడా ఈ గొలుసు వల్లే కుదించుకుపోతుంది. చాలాకాలంగా ఉన్న లెక్క ప్రకారం జవాబుకి వీసా బ్యాంకుకిచ్చే సమయం 30 రోజులు, మాస్టర్‌కార్డ్ 45 రోజులు. కానీ మధ్యలో ఉన్న బ్యాంకు, గేట్‌వే తమకి కావలసిన రోజులు మినహాయించుకుని మిగిలింది వ్యాపారికి ఇస్తాయి, అది చాలాసార్లు వారం పది రోజులే. ఆ తేదీ దాటితే ఒప్పుకున్నట్టే లెక్క. తర్వాత ఎంత గట్టి ఆధారం దొరికినా ఆ తలుపు మూసుకుపోయినట్టే.

కస్టమర్ వైపు మాత్రం తీరిక ఎక్కువ. వీసాలో సరుకు అందాల్సిన తేదీ నుంచి 120 రోజుల దాకా ఫిర్యాదు చేయొచ్చు, మొత్తమ్మీద లావాదేవీ జరిగిన రోజు నుంచి 540 రోజులు దాటకూడదు. అంటే ఉగాదికి పంపిన చీర గురించి శ్రావణమాసంలో ప్రశ్న రావచ్చు.

ముందు కోడ్ చూడాలి

గేట్‌వే మెయిల్‌లో ఒక రీజన్ కోడ్ ఉంటుంది. జవాబు రాయడానికి కూర్చున్నవాళ్లు ఎక్కువగా దాటేసేది అదే, అసలు మొదట చదవాల్సింది అదే. వీసాలో సరుకు అందలేదన్న ఫిర్యాదుకి 13.1, ఈ లావాదేవీ నేను చేయలేదన్న ఆన్‌లైన్ మోసం ఫిర్యాదుకి 10.4. మాస్టర్‌కార్డ్‌లో అందని సరుకు 4853 కిందకి వస్తుంది, నేను చేయలేదన్నది 4837.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం అంటే, 13.1కి డెలివరీ రుజువు నేరుగా జవాబు. 10.4కి అలా కాదు. కార్డు దొంగిలించినవాడు కూడా సరుకు తన ఇంటికే తెప్పించుకుంటాడు కదా, కాబట్టి "ఫలానా చిరునామాలో అందింది" అని ఎంత గట్టిగా చూపించినా అసలు కార్డుదారుడు చేయించాడని తేలదు. అక్కడ కావలసింది వేరే: బిల్లింగ్ చిరునామా బ్యాంకు రికార్డుతో సరిపోయిందా, కార్డుదారుడి ధ్రువీకరణ జరిగిందా, ఇదే కార్డుతో ఇదే డివైజ్ నుంచి ఇంతకుముందు గొడవ లేని కొనుగోళ్లు ఉన్నాయా. ఈ చివరిదానికి వీసా 2023 ఏప్రిల్ నుంచి స్పష్టమైన నియమమే పెట్టింది: 120 నుంచి 365 రోజుల వెనకటి పాత లావాదేవీలు రెండు ఉండాలి, వాటిలోని వివరాలు కొత్తదానితో కలవాలి, కలిసినవాటిలో ఐపీ అడ్రస్ గానీ డివైజ్ గుర్తు గానీ తప్పక ఉండాలి.

మన దేశంలో ఇచ్చిన కార్డులతో ఆన్‌లైన్ చెల్లింపుకి ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ 2009 నుంచే తప్పనిసరి, అందుకే ఇక్కడి కార్డుల మీద "నేను చేయలేదు" అన్న ఫిర్యాదు వచ్చినా ఆ నష్టం చాలావరకు కార్డు బ్యాంకు మీదే పడుతుంది. విదేశీ కార్డులకి ఆ నిబంధన వర్తించదు. ఇంకో సంగతి, ఓటీపీ కొట్టి కట్టిన డబ్బైనా సరే "సరుకు రాలేదు" అన్న ఫిర్యాదుకి అది అడ్డు కాదు. ఓటీపీ ఉంది కదా అని జవాబులో రాసి ఊరుకుంటే 13.1 కేసులో అది గురి తప్పిన బాణమే.

ఒక కేసు: రెండు చీరలు, రెండు ట్రాకింగ్ నంబర్లు

ఇది ఊహించి రాసిన కేసు, కానీ ఇందులో ప్రతి మలుపూ ఈ వ్యాపారంలో రోజూ ఎదురయ్యేదే. మంగళగిరిలో ఒక చీరల షాపు, సొంత వెబ్‌సైట్ ఉంది. మార్చి 3న టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒకావిడ రెండు పట్టు చీరలు ఆర్డర్ చేసి వీసా కార్డుతో రూ. 18,400 కట్టారు. వెబ్‌సైట్లో "10 నుంచి 15 రోజుల్లో అందుతుంది" అని ఉంది. మార్చి 6న షాపువాళ్లు విజయవాడలో ఒక కొరియర్ ఏజెంట్‌కి పార్శిల్ ఇచ్చారు, మార్చి 16న ఇర్వింగ్‌లో గుమ్మం ముందు పెట్టి వెళ్లారు, సంతకం లేదు. ఏప్రిల్ 24న 13.1 కింద డిస్ప్యూట్ వచ్చింది, గేట్‌వే మే 1 దాకా గడువిచ్చింది.

చాలామంది చేసే పని ఏంటంటే, ట్రాకింగ్ పేజీ తెరిచి, "డెలివర్డ్, ఇర్వింగ్" అన్న స్క్రీన్‌షాట్ తీసి, "మేము పంపాం, అందింది, దయచేసి డబ్బు ఇప్పించండి" అని రెండు లైన్లు రాసి అప్‌లోడ్ చేయడం. ఇది ఓడిపోవడానికి బోలెడు అవకాశం ఉన్న జవాబు. అందులో ఇర్వింగ్ అనే ఊరి పేరు ఉంది తప్ప ఇంటి నంబర్ లేదు. ఆ ఊళ్లో రెండు లక్షలకి పైగా జనం ఉంటారు. అందరికీ కనిపించే ట్రాకింగ్ పేజీలో ఊరు, రాష్ట్రం వరకే చూపించడం అమెరికా కొరియర్లకి మామూలే, పూర్తి చిరునామా ఉన్న డెలివరీ పత్రం పార్శిల్ బుక్ చేసిన ఖాతాలోంచే తీసుకోవాలి. ఆ ఖాతా షాపుది కాదు, ఏజెంట్‌ది.

అసలు ముడి ఇక్కడుంది. విజయవాడ, హైదరాబాద్‌లలో ఇలాంటి ఏజెంట్లు చాలామంది పార్శిళ్లు కలిపి ఒకేసారి విమానంలో పంపి, అమెరికాలో దిగాక అక్కడి కొరియర్‌కి అప్పజెబుతారు. షాపు చేతికి వచ్చిన రసీదు మీద ఏజెంట్ నంబర్ ఒకటి, అమెరికాలో డెలివరీ అయింది వేరే నంబర్ మీద. పంపినవారి పేరు దగ్గర కూడా కొన్నిసార్లు షాపు పేరు కాకుండా ఏజెంట్ పేరో, అమెరికాలో వాళ్ల గిడ్డంగి పేరో ఉంటుంది. ఇవన్నీ షాపువాళ్లకి తెలుసు కాబట్టి వింతగా అనిపించవు. కాలిఫోర్నియాలోనో డెలావేర్‌లోనో కూర్చుని ఫైల్ చూసే ఉద్యోగికి మాత్రం ఇదంతా వేరే ఎవరో వేరే ఎవరికో పంపిన పార్శిల్ లాగే కనిపిస్తుంది.

కాబట్టి షాపు మొదట చేయాల్సింది ఏజెంట్ దగ్గర్నుంచి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోవడం: మార్చి 6న ఫలానా షాపు నుంచి ఫలానా పేరు, చిరునామాకి వెళ్లాల్సిన 1.4 కిలోల పార్శిల్ తీసుకున్నాం, మా నంబర్ ఇది, అమెరికాలో దాన్ని ఫలానా కొరియర్‌కి ఈ నంబర్ మీద అప్పగించాం, అని. దాంతోపాటు అమెరికా కొరియర్ ఇచ్చే డెలివరీ పత్రం పూర్తి చిరునామాతో, ఉంటే గుమ్మం దగ్గర తీసిన ఫొటోతో అడగాలి. బరువు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పనికొస్తుంది. ఏజెంట్ రసీదు మీద 1.4 కిలోలు, అమెరికా కొరియర్ రికార్డులో 3.1 పౌండ్లు, లెక్కేస్తే రెండూ ఒకటే. అంటే రెండు నంబర్లూ ఒకే పెట్టెవి అనడానికి ఇంకో సాక్ష్యం దొరికినట్టు, ఖాళీ పెట్టె పంపారన్న అనుమానానికి జవాబు కూడా.

చెల్లింపు రికార్డు చేసే పని

డెలివరీ పత్రం పార్శిల్ చిరునామాకి చేరిందని చెబుతుంది. కానీ ఆ పార్శిల్ ఈ కార్డు మీద పడిన ఈ 18,400 రూపాయలకి సంబంధించిందే అని అది చెప్పదు, ఆ పని లావాదేవీ రికార్డుది. గేట్‌వే డాష్‌బోర్డ్ నుంచి తీసిన పేజీలో చెల్లించిన తేదీ, సమయం, మొత్తం, కార్డు బ్యాంకు చెల్లింపుని ఆమోదించినప్పుడు ఇచ్చే ఆథరైజేషన్ కోడ్, కార్డు చివరి నాలుగు అంకెలు, షాపు ఆర్డర్ నంబర్ ఒకేచోట కనిపించాలి. 23 అంకెల అక్వైరర్ రెఫరెన్స్ నంబర్ కూడా ఉంటే మరీ మంచిది, రెండు బ్యాంకులూ ఆ లావాదేవీని గుర్తుపట్టేది దాంతోనే. గేట్‌వే పేజీలో అది లేకపోతే అడిగితే ఇస్తారు.

కార్డు మొత్తం నంబర్ ఎక్కడా పెట్టకూడదు. 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో వ్యాపారి దాన్ని దాచుకోవడానికే వీల్లేదు, చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు వరకే అనుమతి. ఏదో పాత ఫైల్‌లో దొరికింది కదా అని పూర్తి నంబర్ జవాబులో పెడితే కేసుకి ఒరిగేదేమీ లేదు, షాపుకి కొత్త తలనొప్పి.

డబ్బు విషయంలో ఒక చిన్న గజిబిజి వస్తుంది. ఆవిడ కార్డు స్టేట్‌మెంట్‌లో మొత్తం డాలర్లలో ఉంటుంది, షాపు బిల్లులో రూపాయల్లో. ఆధారాల్లో ఎక్కడా డాలర్ల సంఖ్యతో పోలిక లేకపోతే చదివేవాళ్లు తికమకపడొచ్చు కాబట్టి, లావాదేవీ రూపాయల్లో జరిగిందని, మొత్తం రూ. 18,400 అని మొదటి పేరాలోనే చెప్పేయాలి.

వాట్సాప్‌లో ఒక్క లైన్

ఈ కేసులో షాపుకి అసలు బలం కొరియర్ కాగితంలో లేదు. మార్చి 18న, అంటే డెలివరీ అయిన రెండు రోజులకి, ఆవిడ వాట్సాప్‌లో ఇలా రాశారు: "అండీ, ఎర్ర చీర ఫొటోలో ఉన్నదానికన్నా బాగా ముదురు రంగులో ఉంది, మార్చి ఇస్తారా?" షాపులో అమ్మాయి "చూసి చెప్తాం మేడమ్" అని పెట్టి మర్చిపోయింది.

చీర చేతిలో లేకుండా రంగు ముదురుగా ఉందని ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క లైన్ సంతకం లేని లోటు పూడుస్తుంది. కాకపోతే దాన్ని పెట్టే తీరు ఉంది. స్క్రీన్‌షాట్‌లో తేదీ కనిపించాలి, ఫోన్ నంబర్ కనిపించాలి. ఫోన్‌లో "ఇర్వింగ్ లక్ష్మి గారు" అని సేవ్ చేసుకుంటే పైన ఆ పేరే కనిపిస్తుంది, నంబర్ కనిపించదు, అందుకే కాంటాక్ట్ వివరాల పేజీ కూడా జతచేయాలి. ఆ నంబర్ ఆర్డర్ ఫారంలో ఇచ్చిన నంబరే అని పక్కన చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, చాట్ తెలుగులో ఉంది. కార్డు నెట్‌వర్కుల నిబంధనల ప్రకారం రెండు దేశాల బ్యాంకుల మధ్య నడిచే పత్రాలు ఇంగ్లిష్‌లో ఉండాలి, లేకపోతే ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. అనువాదం లేని తెలుగు చాట్ అక్కడివాళ్లకి చుక్కలూ గీతలూ మాత్రమే. మన వ్యాపారులు చేతిలో ఉన్న మంచి ఆధారాన్ని ఊరికే పోగొట్టుకునేది ఇక్కడే. తెంగ్లిష్‌లో, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసిన చాట్ అయినా ఇదే పరిస్థితి.

ఈ చాట్ రెండు వైపులా పదునున్న కత్తి అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. అందింది అని రుజువు చేస్తూనే, కస్టమర్ అసంతృప్తిని కూడా అది బయటపెడుతుంది. కార్డు బ్యాంకు తర్వాతి దశలో కారణం మార్చి "వర్ణించినట్టు లేదు" అన్న వాదనకి వెళ్లొచ్చు. అందుకని చాట్ దాచాలని కాదు. ఆ వాదనలో కస్టమర్ చీర వెనక్కి పంపారా, పంపడానికి ప్రయత్నించారా అన్నది కీలకమవుతుంది కాబట్టి, షాపు వాపసు విధానం ఆర్డర్ పెట్టే ముందే కస్టమర్‌కి కనిపించిందని చూపే పేజీ కూడా ఇప్పుడే జతచేసి పెట్టుకోవడం మేలు.

జవాబు ఎలా ఉంటే చదువుతారు

మొదటి పేజీలో ఉత్తరం, అది ఒక్క పేజీ దాటకూడదు. కోపం, న్యాయం, ఎన్నేళ్ల నుంచి వ్యాపారం చేస్తున్నాం లాంటివి అక్కర్లేదు. ఈ కేసులో దాని సారాంశం తెలుగులో చెబితే ఇంతే: "మార్చి 3న ఫలానా చివరి నాలుగు అంకెల కార్డుతో రూ. 18,400 చెల్లించి రెండు చీరలు ఆర్డర్ చేశారు, ఇర్వింగ్‌లోని ఈ చిరునామా ఇచ్చారు (1వ జతపత్రం). మార్చి 18లోపు అందాల్సింది, మార్చి 16న అదే చిరునామాలో అందింది (2, 3 జతపత్రాలు). మార్చి 18న కార్డుదారు ఆర్డర్‌లో ఇచ్చిన ఫోన్ నంబర్ నుంచే చీర రంగు గురించి రాశారు (4వ జతపత్రం, అనువాదంతో). కాబట్టి సరుకు అందలేదన్న క్లెయిమ్ సరికాదు." ఆ తర్వాత జతపత్రాలు అదే వరుసలో, చూడాల్సిన లైన్ చుట్టూ గీత గీసి. గీత నల్లగా ఉంటే మంచిది, ఇవి బ్లాక్ అండ్ వైట్‌లో మసకగా చేరడం కూడా ఉంటుంది కాబట్టి పసుపు హైలైటర్ కనిపించకుండా పోవచ్చు.

చిరునామా, కార్డుదారు వేరువేరుగా ఉండే కేసులు మన దగ్గర ఇంకో రకం ఉన్నాయి. అమెరికాలో ఉన్న కొడుకు తన కార్డుతో గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకి ఏదో ఆర్డర్ చేస్తాడు, వాళ్లకి అందుతుంది, ఆ సంగతి కొడుకుకి తెలియదు, "రాలేదు" అని బ్యాంకుకి చెబుతాడు. ఇక్కడ కార్డుదారుడికి స్వయంగా అందాలని రూలేం లేదు, ఆర్డర్‌లో ఆయనే ఇచ్చిన చిరునామాలో, ఆయన చెప్పిన మనిషికి అందితే చాలు. తీసుకున్నవాళ్ల పేరు, డెలివరీ ఓటీపీ ఎంటర్ చేసిన సమయం ఉన్న కొరియర్ రికార్డు, దాని పక్కన ఆర్డర్ పేజీ పెడితే కేసు చాలావరకు తేలిపోతుంది.

వాదించకూడని సందర్భాలు

పార్శిల్ నిజంగా పోతే, లేదా రెండు పెట్టెల్లో ఒకటే అందితే, మొత్తానికి వాదించడం తప్పు. రెండో సందర్భంలో అందిన చీర విలువ వరకే పోరాడి మిగిలింది ఒప్పుకోవచ్చు, అలా విడగొట్టిన జవాబు మీద నమ్మకం కూడా పెరుగుతుంది.

కస్టమ్స్‌లో ఆగిన పార్శిల్ సంగతి వేరు. వీసా నిబంధనల ప్రకారం కార్డుదారుడి దేశపు కస్టమ్స్ అధికారులు సరుకు పట్టి ఉంచితే 13.1 డిస్ప్యూట్ చెల్లదు. 2025 ఆగస్టు తర్వాత అమెరికా పార్శిళ్లకి ఈ ఒక్క మినహాయింపు బాగా పనికొస్తుంది, కానీ "కస్టమ్స్‌లో ఉంది" అని వ్యాపారి చెబితే సరిపోదు, కొరియర్ ఇచ్చిన హోల్డ్ నోటీసు, తేదీలతో ఉన్న స్కాన్ చరిత్ర ఉండాలి. పైగా సుంకం ఎవరు కట్టాలన్నది కొనేముందు వెబ్‌సైట్లో రాసి లేకపోతే కస్టమర్ వేరే దారిలో మళ్లీ వస్తాడు.

ఇంకొకటి, డిస్ప్యూట్ నడుస్తుండగా కస్టమర్‌ని బుజ్జగించడానికి విడిగా రీఫండ్ ఇవ్వకూడదు. చార్జ్‌బ్యాక్ రూపంలో ఒకసారి, రీఫండ్ రూపంలో ఇంకోసారి డబ్బు పోతుంది, రెండోది రాబట్టుకోవడం చాలా కష్టం. డిస్ప్యూట్ రాకముందే రీఫండ్ ఇచ్చి ఉంటే మాత్రం దాని రెఫరెన్స్ నంబర్, తేదీ పెడితే అదే పూర్తి జవాబు.

పంపాక ఏమవుతుంది

షాపు జవాబు వెళ్లాక డబ్బు తాత్కాలికంగా తిరిగి రావచ్చు, గేట్‌వేని బట్టి తేలేదాకా ఆపి ఉంచనూవచ్చు. కార్డు బ్యాంకు ఒప్పుకుంటే అక్కడితో సరి. ఒప్పుకోకపోతే ప్రీ-ఆర్బిట్రేషన్ అనే ఇంకో విడత వస్తుంది, అప్పుడు "ఫొటోలో ఉన్న గుమ్మం మాది కాదు" లాంటి కొత్త వాదన రావచ్చు, దానికి షాపు మళ్లీ జవాబివ్వాలి. అక్కడా తేలకపోతే ఆర్బిట్రేషన్, వీసానే తీర్పు చెబుతుంది, ఓడినవాళ్లు వందల డాలర్లలో ఫీజు కట్టాలి. 18,400 రూపాయల గొడవకి ఆ ఫీజే అంతకన్నా ఎక్కువ కావచ్చు కాబట్టి ఇలాంటి కేసులు అంతదాకా వెళ్లడం అరుదు. అందుకే మొదటి జవాబే దాదాపు చివరి జవాబు అనుకుని రాయాలి.

గెలిచినా ఒక నష్టం మిగులుతుంది. నెలలో ఎన్ని డిస్ప్యూట్లు వచ్చాయన్న లెక్కలో గెలిచిన కేసు కూడా కలుస్తుంది, ఆ నిష్పత్తి పెరిగితే బ్యాంకు జరిమానాలు, సెటిల్‌మెంట్ ఆపడం దాకా వెళ్లొచ్చు. ఇర్వింగ్ కేసులో చాట్‌కి మార్చి 19నే జవాబిచ్చి చీర మార్చి ఉంటే, ఏప్రిల్ 24 మెయిల్ బహుశా వచ్చేదే కాదు.

ఇక రికార్డుల విషయం. కొరియర్ సైట్లలో ట్రాకింగ్ వివరాలు కొన్ని నెలలకే కనిపించకుండా పోతాయి, ఏజెంట్లు కూడా పాత రసీదులు వెతకడానికి సుముఖంగా ఉండరు. ఫిర్యాదుకి 540 రోజుల దాకా అవకాశం ఉన్నప్పుడు, డెలివరీ అయిన రోజే పూర్తి చిరునామా ఉన్న పత్రం, ఏజెంట్ రసీదు, గేట్‌వే పేజీ తీసి ఆర్డర్ నంబర్ పేరుతో ఒక ఫోల్డర్‌లో వేసుకోవాలి, దాన్ని ఆ 540 రోజులూ తీసేయకూడదు.